నెలకో ఓటీటీ: సబ్‌స్క్రిప్షన్ బడ్జెట్, రొటేషన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటీటీలన్నింటికీ ఏడాది పొడవునా కట్టకుండా ఈ నెల ఒకటి, వచ్చే నెల మరొకటి తీసుకుందామనుకునే వాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఈ పద్ధతి నడిచినా చెడినా కారణం ఎక్కువగా రెన్యువల్ తేదీయే, అందుకే జవాబులు చాలా వరకు దాని చుట్టూనే తిరుగుతాయి. ధరలు దేశాన్ని బట్టి, ప్లాన్‌ను బట్టి మారతాయి కాబట్టి లెక్కల్లో వట్టి అంకెలే వాడాను. వాటి స్థానంలో మీ ధరలు వేసుకోండి.

## మొదలుపెట్టే ముందు

అసలు నేను ఇప్పుడు ఎంత కడుతున్నానో ఎలా తెలుస్తుంది?

బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు కనీసం పన్నెండు నెలలవి తీయండి. చాలామంది రెండు మూడు నెలలవి చూసి ఊరుకుంటారు. ఏడాదికోసారి కట్ అయ్యే ప్లాన్లు అక్కడ కనిపించవు, పెద్ద మొత్తాలు మాత్రం అవే.

స్టేట్‌మెంట్‌తోనే పని అయిపోదు. ఫోన్ ద్వారా తీసుకున్నవి అక్కడ ఆపిల్ పేరుతోనో గూగుల్ పేరుతోనో ఉంటాయి గానీ అది ఏ యాప్‌కు కట్టిందో చాలాసార్లు తెలియదు. ఐఫోన్‌లో `Settings` తెరిచి, పైన ఉన్న మీ పేరు నొక్కి, `Subscriptions`లోకి వెళ్లండి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, `Payments & subscriptions`లో చూడండి. ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ ఇది చూడాలి. ఒకే సర్వీసుకు ఇద్దరు విడివిడిగా కడుతున్న ఇళ్లు తక్కువేమీ కాదు. మొబైల్ ప్లాన్‌తోనో ఇంటర్నెట్ ప్లాన్‌తోనో కలిపి వచ్చిన ఓటీటీలు ఏమున్నాయో కూడా రాసుకోండి. చేతిలో ఉన్నదానికే మళ్లీ కట్టడం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

ఏడాది ప్లాన్ల మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలవారీ వాటితో కలిపితే వచ్చేదే మీ అసలు నెల ఖర్చు.

నెలకు ఎంత బడ్జెట్ పెట్టుకోవాలి? దీనికో లెక్క ఉందా?

జీతంలో ఇంత శాతం అనే లెక్క దీనికి పనికిరాదు. ఇంట్లో ఒక నెలలో నిజంగా ఎన్ని సర్వీసులు చూడగలరో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఉద్యోగాలు, చదువులు ఉన్న ఇంట్లో నెలకు ఒకటి తృప్తిగా చూస్తే ఎక్కువ. రెండోదాన్ని తెరిచేది అప్పుడప్పుడే.

ఒక ఇంటి లెక్క చూద్దాం. నాలుగు సర్వీసులున్నాయి. పెద్దలు సినిమాలు చూసేది నెలకు 50, సిరీస్‌లు చూసేవి రెండు, ఒక్కోటి 40, పిల్లలు రోజూ చూసేది 30. అన్నీ కలిపి నెలకు 160, ఏడాదికి 1920.

పిల్లలది ఆపితే ఇల్లు ఊరుకోదు కాబట్టి దాన్ని పన్నెండు నెలలూ ఉంచేశారనుకుందాం. దానికి 360. మిగతా మూడింటినీ వంతులవారీగా తిప్పుతారు. ఒక నెల 50ది, తర్వాతి నెల మొదటి 40ది, ఆపై రెండో 40ది, నాలుగో నెల ఏదీ లేకుండా ఖాళీ. ఇలా ఏడాదిలో మూడు చుట్లు. చుట్టుకు 130 చొప్పున 390. అంతా కలిపి 750.

ఈ ఇంటికి బడ్జెట్ నెలకు 70 పెట్టమంటాను, అంటే ఏడాదికి 840. పైన మిగిలే 90 ఏ కొత్త సినిమానో అద్దెకు తీసుకోవడానికి, ఒక నెల రెండు సర్వీసులు కావలసి వస్తే వాడుకోవడానికి. ఒక నెల మిగిలింది వచ్చే నెలకు జమ కావాలి. ఆ వెసులుబాటు లేని బడ్జెట్ మంచి సిరీస్ వచ్చిన మొదటి నెలలోనే దాటిపోతుంది.

ఏది ఎప్పుడూ ఉంచాలి, ఏది తిప్పాలి?

గత నాలుగు వారాల్లో దాన్ని ఎన్ని రోజులు తెరిచారో చూడండి. వారంలో నాలుగైదు రోజులు తెరిచేది ఉంచండి. వారాంతంలో ఒకసారి తెరిచేది రొటేషన్‌లోకి. నెలంతా తెరవనిది ఈ రోజే ఆపేయండి. చూసినవాటి పట్టిక చాలా సర్వీసుల్లో అకౌంట్ సెట్టింగ్స్‌లో తేదీలతో సహా ఉంటుంది, కాబట్టి గుర్తు మీద ఆధారపడక్కర్లేదు.

క్లౌడ్ స్టోరేజీని మాత్రం ఈ ఆటలోకి తేవద్దు. ఫొటోలు, మెయిళ్లు ఉచిత పరిమితి దాటి ఉండగా అది ఆపితే కొత్తవి దాచుకోవడం నిలిచిపోతుంది. మ్యూజిక్ యాప్ రోజూ వినే వాళ్లకు స్థిరమైన ఖర్చే. ఆ డబ్బు విడిగా పక్కన పెట్టి, తిప్పడం వీడియో సర్వీసులకే పరిమితం చేయండి.

ఏడాది ప్లాన్ తీసుకుంటే చవక కదా, రొటేషన్ ఎందుకు?

ఒక్క భాగహారంతో తేలిపోతుంది. ఏడాది ధరను నెల ధరతో భాగించండి. ఏడాదికి 400, నెలకు 40 అయితే పది వస్తుంది. అంటే ఏడాదిలో పది నెలల కంటే ఎక్కువ వాడితేనే ఏడాది ప్లాన్ లాభం. మూడు నాలుగు నెలలు చూసేవాళ్లకు అది నష్టమే, ప్రకటనలో ఎంత తగ్గింపు అని రాసినా సరే.

భాగిస్తే మూడో నాలుగో వచ్చే సర్వీసులూ ఉన్నాయి. నెల ధర కావాలనే ఎక్కువ పెట్టి అందరినీ ఏడాది ప్లాన్ వైపు తోస్తాయి. అక్కడ ఏడాది ప్లాన్ తీసుకుని దాన్ని రొటేషన్ నుంచి బయట పెట్టడమే మంచిది. అయితే తీసుకున్న రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. పన్నెండు నెలల తర్వాతి తేదీ ఎవరికీ గుర్తుండదు.

## ఏ నెల ఏది

మొదట ఏది తీసుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

చూడాలనుకున్నవాటి జాబితా ఓటీటీ యాప్‌లో కాకుండా మీ ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. యాప్‌లోని జాబితా ఆ సర్వీసులో ఉన్నప్పుడే కనిపిస్తుంది, మీకు అవసరమయ్యేదేమో లేనప్పుడు. పేరు, ఏ సర్వీసు, సుమారు ఎన్ని గంటలు అన్నంత వరకు చాలు.

ఒక సర్వీసు కింద పదిహేను ఇరవై గంటల సరుకు పోగైనప్పుడు దాని వంతు వచ్చినట్టు. ఒక్క సినిమా కోసం నెల మొత్తానికి కట్టాల్సి వస్తుంటే ఆగండి, అదే చోట ఇంకో రెండు పోగయ్యేదాకా. ఆ లోపు ఆ సినిమా మీద ఆసక్తి పోతే అది మీకు అంత అవసరం లేనిదే.

వారానికో ఎపిసోడ్ వదిలే సిరీస్‌ల సంగతేంటి?

రొటేషన్‌లో ఎక్కువ డబ్బు పోయేది వీటి దగ్గరే. ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్, వారానికొకటి అనుకుందాం. మొదటి ఎపిసోడ్ ఒకటో రోజు వస్తే ఎనిమిదోది యాభయ్యో రోజు వస్తుంది. మొదటి రోజే చేరితే రెండు నెలల డబ్బు కట్టినట్టే. నలభై అయిదో రోజు చేరితే అప్పటికే వచ్చిన ఏడింటినీ ఆ అయిదు రోజుల్లో చూసేసి, చివరిది వచ్చిన రోజే చూడవచ్చు. పైగా ఇంకా మూడు వారాలు చేతిలో ఉంటాయి. కట్టేది ఒక్క నెలకే.

దీనికి మూల్యం స్పాయిలర్లు. అందరూ మాట్లాడుకుంటున్నప్పుడే చూడాలనుకునే సిరీస్ ఏడాదికి ఒకటో రెండో ఉంటుంది. దానికి రెండు నెలలు కట్టండి, తప్పులేదు, బడ్జెట్‌లో మిగులు ఉంచేది ఇలాంటివాటికే. ప్రతి సిరీస్‌కూ అదే చేస్తే మాత్రం రొటేషన్ పేరుకే ఉంటుంది.

లైవ్ స్పోర్ట్స్ చూసేవాళ్లకు ఇది కుదురుతుందా?

టోర్నమెంట్లకు కుదురుతుంది, పొడుగాటి లీగ్‌లకు కష్టం. టోర్నమెంట్ తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ నెలను ఆ సర్వీసుకే రాసి పెట్టి మిగతావి జరిపేయండి. ఆరేడు వారాల టోర్నమెంట్ అయితే ఫైనల్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, చివరి దశ మొత్తం ఒకే బిల్లింగ్ నెలలో పడేలా చేరండి. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు సాగే లీగ్‌ను వదలకుండా చూసేవాళ్లు మాత్రం దాన్ని స్థిరమైన ఖర్చుగానే రాసుకోవాలి.

## చేరే రోజు

ఒకటో తారీఖునే చేరాలా? ఏ రోజు చేరితే లాభం?

క్యాలెండర్ నెలతో సంబంధం లేదు. చాలా సర్వీసుల్లో మీ నెల మీరు చేరిన తేదీ నుంచే మొదలవుతుంది. 17న చేరితే మళ్లీ 17 వరకు. అందుకని చూడటం మొదలుపెట్టే సాయంత్రమే చేరండి, తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని ముందే కట్టకండి.

ఒకటి ముగిసిన రోజే ఇంకోటి మొదలుపెట్టాలన్న నియమం కూడా లేదు. ఒక్కో సర్వీసుకూ మధ్య అయిదారు రోజులు ఖాళీ వదిలితే ఏడాదిలో పన్నెండుసార్లు కట్టేది పదిసార్లకు దిగుతుంది. ఎవరూ పెద్దగా గమనించని మిగులు ఇది. వదులుకున్నదీ ఏమీ ఉండదు, ఎందుకంటే కొత్త యాప్ తెరవడానికి మామూలుగానే ఆ మాత్రం రోజులు పడుతుంది.

చేరిన రోజే రద్దు చేస్తే కట్టిన డబ్బు పోదా?

నెలవారీ చెల్లింపు ప్లాన్లలో సాధారణంగా పోదు. రద్దు అంటే ఆగేది తర్వాతి చెల్లింపే, కట్టిన నెల పూర్తయ్యేదాకా మామూలుగా చూడవచ్చు. నెట్‌ఫ్లిక్స్ సహా పెద్ద సర్వీసులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. నా మట్టుకు రొటేషన్ మొత్తంలో ముఖ్యమైన అలవాటు ఇదొక్కటే. డబ్బు కట్టి, సినిమా పెట్టే ముందే రద్దు చేసేయడం. నెలాఖరున గుర్తుపెట్టుకుని చేద్దామనుకున్నవి సగం జరగవు.

ఉచిత ట్రయల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆపిల్ సొంత సర్వీసుల ఉచిత ట్రయల్ రద్దు చేస్తే అక్కడికక్కడే ఆగిపోవచ్చు. ట్రయల్ అయినా, ఆఫర్ ధర అయినా, రద్దు బటన్ నొక్కేముందు తెరమీద ఫలానా తేదీ వరకు చూడవచ్చు అని రాసి ఉందో లేదో చదవండి. తేదీ లేకపోతే నొక్కకుండా, ట్రయల్ ముగిసే తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

వెబ్‌సైట్‌లో కట్టాలా, ఫోన్ యాప్‌లో కట్టాలా?

కట్టిన చోటే రద్దు చేయాలి. దీన్నిబట్టి ఎంచుకోండి. యాప్ స్టోర్, ప్లే స్టోర్ ద్వారా కడితే అన్నీ ఒకే పేజీలో వరుసగా, తేదీలతో కనిపిస్తాయి. రద్దుకు రెండు నొక్కులు చాలు. తిప్పేవాళ్లకు ఇది సుఖం. కానీ కొన్ని సర్వీసులు యాప్‌లో ధర ఎక్కువ పెడతాయి, వెబ్‌సైట్ ధర కూడా చూసి కట్టండి.

అందరికీ ఇబ్బంది పెట్టేది మూడో దారి. ఒక ఓటీటీ లోపల ఇంకో ఓటీటీని చానల్‌లా జోడించుకోవడం. నెల తర్వాత ఆ రెండో సర్వీసు యాప్‌లో ఎంత వెతికినా రద్దు బటన్ కనిపించదు, అది మొదటిదాని అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఎక్కడ కట్టారో నోట్స్‌లో పేరు పక్కనే రాసుకోండి.

## ఆపేటప్పుడు

యాప్ తీసేశాను, అయినా డబ్బు కట్ అయింది. ఎందుకు?

ఫోన్ నుంచి యాప్ తీసేయడం, లాగౌట్ అవడం, ప్రొఫైల్ తొలగించడం, వీటిలో ఏదీ రద్దు కాదు. సబ్‌స్క్రిప్షన్ అకౌంట్‌కు కట్టుబడి ఉంటుంది, యాప్‌కు కాదు. ఇప్పటికే కట్ అయిపోతే వెంటనే రద్దు చేసి, కట్ అయిన తర్వాత ఏమీ చూడలేదని కస్టమర్ కేర్‌కు రాయండి. తిరిగివ్వాలన్న నియమం చాలాచోట్ల లేదు, అడిగితే ఇచ్చిన సందర్భాలు మాత్రం ఉంటాయి. ఇవ్వకపోతే ఆ నెల మీదే కాబట్టి జాబితాలో దాని వంతును ముందుకు జరిపి వాడుకోండి.

రద్దు అయిందని నమ్మకం ఎలా?

రద్దు దారిలో సాధారణంగా మూడు నాలుగు తెరలు వస్తాయి. మొదటిది ఎందుకు వెళ్తున్నారని అడుగుతుంది, తర్వాతిది చవక ప్లాన్ చూపిస్తుంది, ఆ తర్వాత ఇవన్నీ కోల్పోతారంటూ పోస్టర్లు పరుస్తుంది. చాలామంది రెండో తెర దగ్గర పని అయిపోయిందనుకుని మూసేస్తారు. చివరి తెర మీద నిర్ధారించే బటన్ నొక్కేదాకా ఏదీ జరగనట్టే. పెద్ద రంగు బటన్ ఉండిపొమ్మనేది, పక్కన బూడిద రంగులో చిన్నగా ఉన్నది వెళ్లేది, ఇలా అమర్చే చోట్లు ఎక్కువ.

తర్వాత రెండు చూడండి. ఒకటి మెయిల్, రద్దు అయినట్టు, ఎప్పటిదాకా చూడవచ్చో తేదీతో సహా. రెండోది అకౌంట్ పేజీ. అక్కడ ముందు తర్వాతి చెల్లింపు తేదీ అని ఉన్న చోట ఇప్పుడు ముగిసే తేదీ అని ఉండాలి, తిరిగి మొదలుపెట్టే బటన్ ఉండాలి. ఇంకా తర్వాతి చెల్లింపు తేదీయే కనిపిస్తుంటే రద్దు కాలేదు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తగాదా వస్తే కస్టమర్ కేర్‌కు చూపించడానికి అదే ఆధారం.

కార్డు బ్లాక్ చేసినా, ఆటోపే ఆపినా సరిపోతుంది కదా?

డబ్బు పోకుండా ఆగుతుంది, సబ్‌స్క్రిప్షన్ ఆగదు. సర్వీసు దృష్టిలో మీరు కట్టాల్సిన వ్యక్తే, చెల్లింపు ఫెయిలైందంతే. కొన్ని రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, తర్వాత అకౌంట్‌ను హోల్డ్‌లో పెడుతుంది. ఆ తర్వాత అదే అకౌంట్‌లో కొత్త కార్డు పెట్టగానే మీకు అక్కర్లేని పాత ప్లాన్ తిరిగి లేవవచ్చు. సర్వీసులో రద్దు చేసి, ఆ తర్వాత ఆటోపే కూడా ఆపండి. ఈ వరుసలోనే.

వెళ్లబోతుంటే సగం ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తర్వాతి నెలకు జాబితాలో ఆ సర్వీసులోని గంటలు మిగిలి ఉంటేనే తీసుకోండి. చూసేవి అయిపోయాక సగం ధర కూడా పూర్తి దండగే. ఆఫర్ తీసుకుంటే అది ఎన్ని నెలలకో, తర్వాత ఏ ధరకు మారుతుందో చూసి, ఆ తేదీకి అలారం పెట్టండి. ఆఫర్ మధ్యలో రద్దు చేస్తే తగ్గింపు పోయే షరతు ఉంటుందేమో కూడా చదవండి.

## తిరిగి చేరినప్పుడు

మళ్లీ చేరితే నా ప్రొఫైల్, చూసిన చోటు ఉంటాయా?

అదే మెయిల్ ఐడీతో, అదే అకౌంట్‌లో చేరితే చాలా సర్వీసుల్లో కొన్ని నెలల వరకు ఉంటాయి. రెండు మూడు నెలలకోసారి వంతు వచ్చే రొటేషన్‌కు అది చాలు. రద్దు చేయడం వేరు, అకౌంట్ తొలగించడం వేరు. తొలగిస్తే అన్నీ పోతాయి. డౌన్‌లోడ్ చేసుకున్నవి మాత్రం సబ్‌స్క్రిప్షన్ ముగియగానే ఆడవు, ప్రయాణం కోసం దాచుకున్నవి ఉంటే ముందే చూసేయండి.

సగం చూసిన సిరీస్, తిరిగి చేరేసరికి మాయమైంది. ముందే తెలిసే దారి ఉందా?

సర్వీసు సొంతంగా తీసినవి సాధారణంగా నిలుస్తాయి. బయటి నుంచి హక్కులు కొనుక్కున్నవి గడువు తీరగానే వెళ్లిపోతాయి. సొంతవి కూడా శాశ్వతం అనుకోవద్దు, 2023లో డిస్నీ ప్లస్ తన సొంత సిరీస్‌లు చాలావాటిని తీసేసింది. నెట్‌ఫ్లిక్స్‌లో వెళ్లిపోబోయే వాటి పేజీలో చూడగల చివరి రోజు కొన్నాళ్ల ముందే కనిపిస్తుంది. సర్వీసు నెల మొదలుకాగానే జాబితాలోని బయటి సినిమాలు, సిరీస్‌లు ముందు చూసి, సొంతవి తర్వాత పెట్టుకోండి. సిరీస్‌ను మధ్యలో వదిలి వెళ్లకండి, వదలాల్సి వస్తే ఒక సీజన్ ముగిసే చోట వదలండి.

ఆపి తిరిగి చేరితే పాత ధరే ఉంటుందా?

హామీ లేదు. పాత సభ్యులకు మాత్రమే మిగిలిన ప్లాన్లు కొన్ని ఉంటాయి, ఒకసారి ఆపితే అవి మళ్లీ దొరకవు. 2023లో నెట్‌ఫ్లిక్స్ కొన్ని దేశాల్లో ప్రకటనలు లేని చవక ప్లాన్ `Basic`ను కొత్తగా చేరేవాళ్లకు ఆపేసింది. అందులో ఉన్నవాళ్లు రద్దు చేస్తే తిరిగి ఆ ప్లాన్‌లోకి రాలేకపోయారు. మీ ప్లాన్ పేరు ఆ సర్వీసు ధరల పేజీలో ఇంకా ఉందో లేదో రద్దుకు ముందు చూడండి. లేకపోతే లెక్క వేయాలి. నెల ధర 25 ఉన్న పాత ప్లాన్ ఏడాదికి 300, అదే సర్వీసు కొత్త ధర 50 అయినా ఏడాదిలో మూడు నెలలు తీసుకుంటే 150. ఆరు నెలల కంటే ఎక్కువ చూసేవాళ్లకే పాత ప్లాన్ పట్టుకుని ఉండటం లాభం.

## ఇంట్లో అందరితో

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో ఇష్టం. ఈ నెల ఏదో ఎవరు తేల్చాలి?

వంతులు పెట్టండి. ఈ నెల అమ్మ ఎంచుకున్నది, వచ్చే నెల అబ్బాయి ఎంచుకున్నది. ఎంచుకునేవాళ్లు దాని ధర కూడా చూసే ఎంచుకోవాలి, మిగిలింది వాళ్ల తర్వాతి వంతుకే జమ. డబ్బు ఎవరు కడుతున్నా ఈ పద్ధతిలో గొడవలు తగ్గుతాయి. రద్దు చేసే పని మాత్రం ఒక్కరి చేతిలోనే ఉంచండి. ఇద్దరి మీద పెడితే రెండోవాళ్లు చేశారులే అని ఇద్దరూ వదిలేస్తారు.

స్నేహితుడితో పాస్‌వర్డ్ పంచుకుంటే ఇంత తిప్పలు అక్కర్లేదు కదా?

ఆ దారి ఇరుకైపోయింది. 2023లో నెట్‌ఫ్లిక్స్ ఒక అకౌంట్ ఒకే ఇంటివాళ్లకే అన్న నియమాన్ని చాలా దేశాల్లో గట్టిగా అమలు చేసింది, 2024లో డిస్నీ ప్లస్ కూడా అదే బాట పట్టింది. బయటి ఇంటి టీవీలో తెరిస్తే ధ్రువీకరణ కోడ్ అడగడమో, అదనపు సభ్యుడికి విడిగా కట్టమనడమో జరుగుతుంది. స్నేహితుడితో పంచుకోవాలంటే జాబితా పంచుకోండి. ఒకరు ముందు నెల చూసి ఏది గంటలు పెట్టదగ్గదో, ఏది మూడో ఎపిసోడ్‌కే నీరసపడిందో చెబితే, రెండోవాళ్లు తమ నెలలో సరిగ్గా ఏం చూడాలో తెలిసి చేరతారు.